ఒకే ఇంటి వైఫైలో ఇద్దరు ఆడినందుకు చెస్ అకౌంటు మూసేస్తే అప్పీలు ఎలా రాయాలి

వేసవి సెలవులు వచ్చాయంటే కావలిలో నా దగ్గర చెస్ నేర్చుకునే పిలకాయల ఇళ్ల నుంచి ఈ ఫోను తప్పకుండా వస్తుంది. "సార్, ఆన్‌లైన్లో మావాడి అకౌంటు మూసేశారు. దొంగాట అంటున్నారు. వాడూ వాళ్ల చెల్లెలూ ఒకే వైఫై మీద ఆడారు, అంతే. ఏం చెయ్యాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను. 2025 మేలో ఒక ఇంటి కోసం కూర్చుని రాసిన అప్పీలునే మొదటి నుంచి చివరిదాకా చూపిస్తాను. వాళ్ల అకౌంట్ల పేర్లు మార్చాను. అన్నది `kavali_gurram`, చెల్లెలిది `kavali_enugu` అనుకోండి.

ముందు ఒక్క విషయం తెలిస్తే చాలు. మీ ఇంట్లో ఫోన్లు, ట్యాబ్‌లు ఎన్ని ఉన్నా రూటర్ దాటి బయటికి వెళ్లేసరికి అన్నీ ఒకే ఇంటర్నెట్ అడ్రసుతో, అంటే ఒకే ఐపీతో కనపడతాయి. అయితే అడ్రసు ఒకటైనంత మాత్రాన అకౌంటు మూసేయడం అరుదు. దానికి ఇంకోటి తోడవుతుంది. ఒకే ట్యాబ్‌లో రెండు అకౌంట్లు తెరిచి ఉంటారు. లేదా ఆ రెండు అకౌంట్లూ ఒకదానితో ఒకటి రేటెడ్ ఆటలు ఆడి, గెలుపు ఎప్పుడూ ఒకవైపే ఉంటుంది. అవతల చూసేవాళ్లకు అది ఒకే మనిషి రెండు పేర్లతో ఆడి రేటింగు పెంచుకుంటున్నట్టు కనపడుతుంది. కాబట్టి "మా ఇంట్లో వైఫై ఒక్కటే" అని రాసినంత మాత్రాన సరిపోదు. వైఫైకి తోడైన ఆ రెండో సంగతికి జవాబు చెప్పాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

అకౌంటు మూసినట్టు వచ్చిన సందేశం, మెయిలు, వాటి స్క్రీన్‌షాట్లు. అకౌంటు తెరిచినప్పుడు ఇచ్చిన మెయిలు అడ్రసు (అప్పీలు దాన్నుంచే పంపాలి). ఇంట్లో ఆడే అందరి అకౌంటు పేర్లు. ఒక రూళ్ల నోటుపుస్తకం, పెన్సిలు. తీరిగ్గా రెండు గంటలు. పిల్లల అకౌంటైతే అమ్మో నాన్నో పక్కన ఉండాలి, ఉత్తరం వాళ్ల పేరుతోనే పోవాలి.

1. మూసిన కారణం అక్షరం అక్షరం చదవండి

"ఒకటి కంటే ఎక్కువ అకౌంట్లు" అని ఉందా, "రేటింగు తారుమారు" అని ఉందా, "కంప్యూటరు సాయం" అని ఉందా చూడండి. మొదటి రెండింటికీ ఈ పద్ధతి పనికొస్తుంది. మూడోదానికి పనికిరాదు. ఇంజిను చెప్పిన ఎత్తులు వేశారన్న అనుమానానికి వైఫై సంగతి జవాబు కాదు. అక్కడ వైఫై గురించి ఎంత రాసినా మాట తప్పిస్తున్నట్టే ఉంటుంది.

కారణం స్పష్టంగా లేకపోతే ఊహించి రాయకండి. "ఏ నియమం కింద మూసేశారో, వేరే ఏ అకౌంటుతో ముడిపెట్టారో చెప్పగలరా" అని రెండు వాక్యాల్లో అడగండి. వివరం చెప్పకపోవచ్చు, కానీ ఏ నియమమో చాలాసార్లు చెబుతారు.

2. జవాబు వచ్చేదాకా చెయ్యకూడనివి

కొత్త అకౌంటు తెరవకండి. నా దగ్గరకు వచ్చేలోపే సగం మంది చేసేసే పొరపాటు ఇదే. మీ మీద అనుమానమే "ఒక మనిషి, చాలా అకౌంట్లు" అని. మీరు మూడోది తెరిస్తే ఆ అనుమానాన్ని మీ చేత్తోనే నిజం చేసినట్టు.

ఆ అడ్రసు మార్చి చూపించే వీపీఎన్ పెట్టుకోకండి. చెల్లెలి అకౌంటులోకి దూరి ఒక్క ఆట కూడా ఆడకండి. ఆమె తన అకౌంటులో తను ఆడుకోవచ్చు, కానీ ఈ వారం రోజులూ ఆ ట్యాబ్ ఇంకెవరూ ముట్టకపోతే మంచిది. డబ్బులిస్తే తెరిపిస్తామని మెసేజీలు పెట్టేవాళ్లు ఉంటారు. వాళ్లకు పాస్‌వర్డు గానీ ఓటీపీ గానీ చెప్పారంటే అకౌంటు పూర్తిగా చెయ్యి దాటిపోతుంది.

3. ఇంట్లో ఎవరు, దేంట్లో, ఎప్పుడు ఆడారో రాయండి

నోటుపుస్తకంలో నాలుగు గీతలు కొట్టండి: మనిషి, అకౌంటు పేరు, వాడే ఫోను లేదా ట్యాబ్, మామూలుగా ఆడే వేళ. తర్వాత ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి అడగండి. కోప్పడకుండా అడగాలి. పిల్లలు భయపడితే నిజం బయటికి రాదు.

నేను చెబుతున్న ఇంట్లో అదే జరిగింది. అబ్బాయికి పదహారు, అమ్మాయికి పద్నాలుగు. మే 19న అకౌంటు మూసేస్తే, ఆ రాత్రే అబ్బాయి ఎవరికీ చెప్పకుండా ఒక అప్పీలు పంపాడు. "మా ఇంట్లో నేను తప్ప ఎవరూ ఆడరు" అని రాశాడు. చెల్లెలి పేరు చెబితే ఆమె అకౌంటూ పోతుందని భయం. రెండో రోజే తిరస్కరించారు. మూసిన సందేశంలోనే `kavali_enugu` పేరుంది. ఆ పేరు వాళ్ల ముందు పెట్టుకుని చదివేవాళ్లకు ఆ ఒక్క అబద్ధం చాలు.

వాళ్ల నాన్న ట్యాబ్ తీసుకుని నా దగ్గరికి వచ్చారు. "ఈ పిలకాయ దొంగాట ఆడతాడా సార్, మీరే చెప్పండి" అన్నారు. ట్యాబ్ ఒక మూల పగిలి, దాని మీద సెలోఫిన్ టేపు అంటించి ఉంది. బ్రౌజరు తెరిచి లాగిన్ పెట్టె మీద నొక్కితే రెండు పేర్లు కిందికి జారాయి. అన్నది, చెల్లెలిది. అబ్బాయి తలొంచుకున్నాడు. ఏప్రిల్ 27, 28 తేదీల్లో వాడి ఫోను స్క్రీను బాగు చేయడానికి ఇచ్చారట, ఆ రెండు సాయంత్రాలు చెల్లెలి ట్యాబ్‌లో ఆడాడట. అంతే కాదు, ఇద్దరూ ఒకరితో ఒకరు పద్నాలుగు రేటెడ్ ఆటలు ఆడారు. పదమూడు అన్నే గెలిచాడు.

ఇలాంటివి మీ ఇంట్లోనూ ఉంటాయి. దాచకుండా నోటుపుస్తకంలోకి ఎక్కించండి. ఉత్తరం నిలబడేది వీటి మీదే.

వయసు గురించి ఒక హెచ్చరిక. చాలా చెస్ సైట్లలో మామూలు అకౌంటుకు 13 ఏళ్లు నిండాలి, అంతకంటే చిన్నవాళ్లకు వేరే ఏర్పాటు ఉంటుంది. మీ చిన్నమ్మాయికి పదేళ్లే అయితే, ఆ సంగతి అప్పీలులో బయటపడ్డాక ఆ అకౌంటు ఉండదు. అందుకని వయసు తప్పు రాయమని నేను చెప్పను. ముందే నియమం చదివి, పిల్లల అకౌంటుగా మార్చమని మీరే అడగండి.

4. ఇద్దరూ ఒకే సమయంలో, వేరే వేరే వాళ్లతో ఆడిన ఆటలు వెతకండి

ఇంత పనిలోనూ ఎక్కువ సమయం దీనికే పెట్టండి. ఇద్దరు మనుషులున్నారని చూపడానికి దీన్ని మించిన రుజువు లేదు. అన్న ఒకరితో ఐదు నిమిషాల ఆట ఆడుతున్నప్పుడే, చెల్లెలు తన అకౌంటులో ఇంకొకరితో ఐదు నిమిషాల ఆట ఆడి ఉంటే, ఆ రెండూ ఒక్కరే ఆడటం చాలా కష్టం. పైగా ఆ రికార్డు వాళ్ల దగ్గరే ఉంది. మీ మాట నమ్మాల్సిన పని లేకుండా వాళ్లే తీసి చూసుకోవచ్చు.

రెండు అకౌంట్లలోనూ పాత ఆటల జాబితా తెరవండి. అకౌంటు మూసేసినా పాత ఆటలు చాలాసార్లు బయటికి కనపడతాయి. ఒక్కో ఆటను PGN ఫైలుగా దించుకునే బటన్ ఆట పేజీలోనే, షేర్ లేదా డౌన్‌లోడ్ గుర్తు దగ్గర ఉంటుంది. ఆ ఫైలు పైభాగంలో ఈ వరుసలు కనపడతాయి:

```
[UTCDate "2025.05.11"]
[UTCTime "14:02:37"]
[TimeControl "300"]
```

300 అంటే సెకన్లు, అంటే ఐదు నిమిషాల ఆట. సమయం యూటీసీలో ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైము వస్తుంది. కాబట్టి ఈ ఆట మొదలైంది మన లెక్కలో రాత్రి 7 గంటల 32 నిమిషాలకు. అదే రోజు చెల్లెలి ఆట 14:04:10కి, అంటే 7:34కి మొదలైంది. అన్న ఆట ముగిసింది 7:41కి. ఏడు నిమిషాలు ఇద్దరూ ఒకేసారి బోర్డు ముందు ఉన్నారు.

ఇక్కడ జరిగే తప్పులు మూడు. మొదటిది, అర్ధరాత్రి దాటాక ఆడిన ఆటలు. మన 12 గంటల 10 నిమిషాలంటే యూటీసీలో ముందురోజు 18:40. అర్ధరాత్రి నుంచి తెల్లవారి ఐదున్నర దాకా తేదీ ఒకరోజు వెనక్కి ఉంటుంది. మీరు మన తేదీ రాస్తే వాళ్లకు ఆ ఆట దొరకదు. రెండోది, అరగంట ఆటలు, రోజుకో ఎత్తు వేసే ఆటలు చూపించడం. రెండు నెమ్మది ఆటల్ని ఒక్క మనిషే రెండు తెరల్లో నడపగలడు, అది రుజువు కాదు. ఐదు నిమిషాలవి, మూడు నిమిషాలవి ఏరండి. మూడోది, మొదలైన సమయం మాత్రమే చూసి సరిపెట్టుకోవడం. మొదటి ఆట ఎనిమిది ఎత్తులకే అయిపోయి ఉంటే రెండోదానితో కలవనే కలవదు. ముగిసిన సమయం కూడా చూడండి.

మేము ఆరు జతలు పట్టుకున్నాం, ఉత్తరంలో మూడే పెట్టాం. ఎక్కువ పెడితే చదివేవాళ్లు ఒక్కటి కూడా తెరవరు.

ఇలాంటి జత ఒక్కటీ దొరకలేదా? అప్పుడు రెండో దారి. ఇద్దరూ వేర్వేరు ఊళ్లలో ఉన్న రోజులు చూడండి. అమ్మాయి ఒంగోల్లో అమ్మమ్మ ఇంట్లో ఆడిన వారంలో అబ్బాయి కావలిలో ఆడి ఉంటే, ఆ వారం రెండు అకౌంట్లకు రెండు వేరు అడ్రసులు వాళ్ల రికార్డులో ఉంటాయి. తేదీలు రాస్తే చాలు.

5. కనెక్షన్ సంగతి చూడండి, కానీ అవసరమైతేనే వాడండి

మీతో ముడిపెట్టిన అకౌంటు మీ ఇంట్లోదే అయితే ఈ భాగం వదిలేసి కిందికి వెళ్లండి. అసలు ఎవరిదో తెలియని పేరు చూపిస్తే మాత్రం ఇది ముఖ్యం.

మన ఊళ్లలో కేబులాయన ఇచ్చే ఫైబర్ కనెక్షన్ చాలాచోట్ల ఇల్లు దాటాక కూడా ఇంకోసారి పంచుకుంటుంది. అంటే మీ వీధిలో చాలా ఇళ్లు బయటికి ఒకే అడ్రసుతో కనపడొచ్చు. తెలుసుకోవడం తేలిక. వైఫైలో ఉండి బ్రౌజరులో `192.168.1.1` కొట్టి (కొన్ని రూటర్లకు `192.168.0.1`) రూటర్ పేజీ తెరిచి, అక్కడ `WAN IP` ఎదురుగా ఉన్న అంకెలు రాసుకోండి. తర్వాత అదే ఫోనులో "what is my ip" అని వెతికి వచ్చినది రాసుకోండి. రెండూ ఒకటైతే ఆ అడ్రసు మీ ఇంటిదే. వేరైతే, అందులోనూ రూటరులోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీ కేబులాయన చాలా ఇళ్లకు ఒకే బయటి అడ్రసు పంచుతున్నాడన్నమాట. బయట చూపించేది పొడవుగా, మధ్యలో రెండు చుక్కల గుర్తులతో ఉంటే అది వేరే రకం అడ్రసు, దాన్ని రూటరులోదానితో పోల్చకండి.

అలా తేలితే ఆ రెండు స్క్రీన్‌షాట్లు జతచేయండి. కేబులాయన లెటర్‌హెడ్ మీద రెండు ముక్కలు రాసిస్తే ఇంకా మంచిది. కానీ ఈ రోజు కనపడే అడ్రసు మీ అకౌంటు మూసిన రోజు ఉన్నదే అని రాయకండి. రూటర్ ఆపి వేస్తే చాలు, అది మారిపోవచ్చు. "ఈ తేదీన చూసినప్పుడు ఇలా ఉంది" అని రాయండి.

6. ఉత్తరం

సపోర్టు వాళ్లు చదివేది సాధారణంగా ఇంగ్లీషులో. అయినా ముందు తెలుగులోనే రాసుకోండి. సంగతులన్నీ వరుసలో పడ్డాక, బడిలో ఇంగ్లీషు టీచరుతోనో చదువుకున్న బంధువుతోనో మార్పించుకోండి. పొట్టి వాక్యాలైతే మార్చడంలో అర్థం చెడదు. మేము రాసింది ఇది.

> విషయం: `kavali_gurram` అకౌంటు మూసివేతపై అప్పీలు. ఒకే ఇల్లు, ఇద్దరు ఆటగాళ్లు
>
> నమస్కారం. `kavali_gurram` పేరుతో ఆడే అబ్బాయికి నేను తండ్రిని. 2025 మే 19న ఈ అకౌంటును, ఒకే వ్యక్తికి రెండు అకౌంట్లున్నాయన్న కారణంతో, `kavali_enugu`తో ముడిపెట్టి మూసేశారు.
>
> `kavali_enugu` మా అమ్మాయి అకౌంటు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే వైఫై మీద ఆడతారు. అబ్బాయి తన ఫోనులో, అమ్మాయి ట్యాబ్‌లో ఆడతారు.
>
> మే 19న మా అబ్బాయి పంపిన అప్పీలులో ఇంట్లో ఇంకెవరూ ఆడరని రాశాడు. అది నిజం కాదు. చెల్లెలి అకౌంటు కూడా పోతుందని భయపడి రాశాడు. దానికి క్షమించమని కోరుతున్నాం.
>
> మీ రికార్డులో కనపడే రెండు విషయాలు మేమే చెబుతున్నాం. ఒకటి, ఏప్రిల్ 27, 28 సాయంత్రాలు ఫోను రిపేరులో ఉండి అబ్బాయి చెల్లెలి ట్యాబ్‌లో తన అకౌంటుతో ఆడాడు. రెండు, ఇద్దరూ ఒకరితో ఒకరు 14 రేటెడ్ ఆటలు ఆడారు, 13 అబ్బాయి గెలిచాడు. ఇంట్లోవాళ్లతో రేటెడ్ ఆటలు ఆడితే ఇలా అనుమానం వస్తుందని మాకు తెలియదు. ఆ 14 ఆటల రేటింగు పాయింట్లు తీసేయండి, మాకు అభ్యంతరం లేదు.
>
> ఇద్దరూ వేరు మనుషులని ఈ ఆటలు చూస్తే తెలుస్తుంది. అన్నీ ఐదు నిమిషాల ఆటలు, వేరు వేరు ప్రత్యర్థులతో, ఒకే సమయంలో ఆడినవి. సమయాలు యూటీసీలో:
> మే 4: `kavali_gurram` 13:31:08, `kavali_enugu` 13:32:40
> మే 11: `kavali_gurram` 14:02:37, `kavali_enugu` 14:04:10
> మే 14: `kavali_gurram` 15:10:22, `kavali_enugu` 15:11:05
> ఆరు ఆటల లింకులు కింద ఇచ్చాం.
>
> ఇకమీదట ఇద్దరూ ఒకరితో ఒకరు రేటింగు లేని ఆటలే ఆడతారు, ఒకరి పరికరంలో మరొకరు లాగిన్ అవ్వరు. దయచేసి అకౌంటును మళ్లీ పరిశీలించి తెరవండి. ఇంకేమైనా వివరం కావాలంటే ఈ మెయిలుకే జవాబిస్తాం.

మొదటి అప్పీలులో తప్పు రాయనివాళ్లకు మూడో పేరా అక్కర్లేదు. రాసినవాళ్లు మాత్రం తప్పకుండా పెట్టాలి. రెండు ఉత్తరాలూ ఒకే ఫైలులో పక్కపక్కన ఉంటాయి. ఒకదానికొకటి పొసగకపోతే రెండోదాన్ని కూడా నమ్మరు.

ఆధార్ కార్డు, రేషన్ కార్డు స్క్రీన్‌షాట్లు పంపకండి. వాళ్లు అడిగితే, అదీ వాళ్ల అసలు సైటులోని సపోర్టు పేజీ ద్వారా అడిగితే అప్పుడు చూద్దాం. పిల్లల బడి పేరు, ఇంటి అడ్రసు కూడా ఉత్తరంలో అవసరం లేదు.

7. పంపే ముందు ఇలా సరిచూసుకోండి

ఉత్తరాన్ని ఈ గొడవతో సంబంధం లేని ఒకరికి ఇవ్వండి. చదివాక మూడు ప్రశ్నలు అడగండి: ఏ అకౌంటు తెరవమంటున్నారు? ఇంకో అకౌంటు ఎవరిది? ఇద్దరు మనుషులని దేన్నిబట్టి తెలుస్తుంది? మూడింటికీ వెనక్కి తిరిగి చూడకుండా జవాబు చెబితే పంపేయండి. మా ఉత్తరాన్ని పక్కింటి డిగ్రీ అమ్మాయికి ఇస్తే రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. మొదట "పై అకౌంటు", "ఆ అకౌంటు" అని రాశాం. ప్రతిచోటా పూర్తి పేరు పెట్టాక సరిపోయింది.

లింకులన్నీ లాగిన్ లేని బ్రౌజరులో, అంటే ప్రైవేటు కిటికీలో నొక్కి చూడండి. అక్కడ తెరుచుకోని లింకు స్థానంలో PGN ఫైలు జతచేయండి.

"కోర్టుకెళ్తాం", "మీకు మానవత్వం లేదా" లాంటి వాక్యాలుంటే కొట్టేయండి. అబ్బాయి ఏడ్చాడన్నది నిజమే. కానీ ఆ వాక్యం చదివినంత మాత్రాన అవతలివాళ్లు ఏమీ సరిచూడలేరు.

8. పంపడం, తర్వాత చూడటం

మూసిన సందేశంలో అప్పీలు లింకు ఉంటే అక్కడే పంపండి. లేకపోతే సపోర్టు ఫారం నింపండి. ఒక్కసారే పంపండి. రోజూ ఒకటి పంపితే అవి వేరువేరు టికెట్లుగా పడి, ఎవరో ఒకరు సగం సంగతి చదివి మూసేస్తారు. పది రోజులైనా జవాబు రాకపోతే అదే మెయిలుకు రిప్లై ఇచ్చి టికెట్ నంబరుతో ఒక్క వాక్యం అడగండి. స్పామ్ పెట్టె కూడా చూస్తూ ఉండండి.

కుదరదని వస్తే, అదే ఉత్తరాన్ని గట్టి మాటలతో మళ్లీ పంపితే లాభం లేదు. కొత్త సంగతి, అంటే ఇంకో జత ఆటలు గానీ కేబులాయన చీటీ గానీ దొరికితేనే రెండోసారి రాయండి. టోర్నమెంటు నియమాల్లోనే "ఒక కనెక్షన్ నుంచి ఒక్కరే" అని ఉండి ఇద్దరూ పాల్గొని ఉంటే, అది పొరపాటున మూసినట్టు కాదు. తప్పు ఒప్పుకుని నిషేధం గడువు తగ్గించమని అడగాలి.

మేము మే 26న పంపాం, జూన్ 3న జవాబు వచ్చింది. అకౌంటు తెరిచారు, 14 ఆటల పాయింట్లు తీసేశారు. అన్న రేటింగు కొంచెం తగ్గింది, చెల్లెలిది కొంచెం పెరిగింది.

తెరిచామని మెయిలు వచ్చినా మీరు మూడు చోట్ల చూసుకోండి. ప్రైవేటు కిటికీలో మీ పేజీ తెరిస్తే "మూసివేయబడింది" అన్న గుర్తు పోయిందా? కొత్తవాళ్లతో ఒక రేటెడ్ ఆట ఆడితే రేటింగు కదిలిందా? టోర్నమెంటులో చేరే బటన్ పనిచేస్తుందా? కొన్నిసార్లు అకౌంటు తెరుచుకున్నా టోర్నమెంటు నిషేధం అలాగే ఉండిపోతుంది. అలా ఉంటే అదే టికెట్‌లో రాయండి. చెల్లెలి అకౌంటు కూడా ఇవే మూడు చోట్ల చూడండి. ఆ ఇంట్లో అది మర్చిపోయారు. జూన్ రెండో వారంలో ఆ అమ్మాయే వచ్చి "సార్, నాకు టోర్నమెంటు రావట్లేదు" అంది. అదే టికెట్‌కు రెండు వాక్యాలు రాస్తే నాలుగో రోజు సరిచేశారు.

ఇప్పుడు ఆ ట్యాబ్ బ్రౌజరులో దాచిన అన్న పాస్‌వర్డు తీసేశాం. వాళ్లిద్దరికీ ఆడుకోవాలనిపిస్తే రేటింగు లేని ఆట పెట్టుకుంటారు. కరెంటు పోయిన రోజు మాత్రం చెక్క బోర్డు మీద ఆడతారు.